అమ్మ రిపోర్టును ఇంగ్లీషులోకి రాసేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మ కాగితాలు చూశాను. లండన్‌లోని డాక్టరుకు పంపడానికి నువ్వే ఇంగ్లీషులో రాస్తానన్నావు, మంచి పని. ల్యాబు రిపోర్టులు, ఎకో రిపోర్టు ఎలాగూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాటిని మళ్లీ టైపు చేయవద్దు, స్కాన్ చేసి జతచేస్తే చాలు. నువ్వు రాయాల్సింది తెలుగులో ఉన్న రెండు పేజీలే: మందుల చీటీ, ఆసుపత్రిలో జరిగిన దాని సారాంశం.

ముందు మందుల చీటీ తియ్యి. అందులో మొదటి వరుస ‘ఆసిట్రోమ్ 2, రోజూ రాత్రి 1, ఆదివారం అర’ అని ఉంది. గుండెలో లోహపు కవాటం వేసినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఇది. ఆసిట్రోమ్ అన్నది కంపెనీ పెట్టుకున్న పేరు, అక్కడి డాక్టరుకు అది తెలియకపోవచ్చు. కాబట్టి దాని పక్కనే అసలు మందు పేరు acenocoumarol అని రాయాలి. మాత్రల అట్ట మీద నికౌమలోన్ అని కనిపిస్తే కంగారుపడకు, రెండూ ఒకటే. అంతేగానీ ‘వార్ఫరిన్ లాంటిది’ అని మాత్రం రాయవద్దు. లోహపు కవాటం ఉన్నవాళ్లకు ఇంగ్లండులో ఎక్కువగా ఇచ్చేది వార్ఫరిన్. దాంతో పోలిస్తే అదే బరువుకు మన మందు పనితనం ఎక్కువ. 2 మిల్లీగ్రాములను వార్ఫరిన్ లెక్కలో చూసుకుంటే మోతాదు తక్కువగా ఉందనిపిస్తుంది. అలా పెంచితే రక్తస్రావం ప్రమాదం.

‘అర’ను అంకెల్లో రాయవద్దు. 1, గీత, 2 అని పక్కపక్కన ఉంటే ‘ఒకటి లేదా రెండు’ అని చదివినవాళ్లను చూశాను. అక్షరాల్లో సగం మాత్ర అని, ఆ పక్కన 1 మిల్లీగ్రాము అని రాయి. సోమవారం నుంచి శనివారం వరకు ఒక వరుస, ఆదివారం మరో వరుస.

ఆ కింద ‘థైరోనార్మ్ 50, పరగడుపున’ అని ఉంది, యూనిట్ లేదు. చాలా ఏళ్ల క్రితం ఇలాంటి చీటీకే నేను అలవాటుగా mg అని రాసి పంపాను. థైరోనార్మ్‌లో ఉండే మందు థైరాక్సిన్, దాని కొలత మైక్రోగ్రాములు, అంటే నేను రాసింది వెయ్యి రెట్లు ఎక్కువ. అక్కడి డాక్టరు అనుమానించి ఫోన్ చేశారు కాబట్టి సరిపోయింది. ఇప్పటికీ ఆ తప్పు నన్ను వదలలేదు. చీటీలో యూనిట్ లేకపోతే ఊహించి నింపవద్దు, అట్ట మీద చూసి రాయి. µg అన్న గుర్తు చేతిరాతలో mgలా కనిపిస్తుంది కాబట్టి మైక్రోగ్రామ్ అన్న మాటను పూర్తిగా రాయి.

రక్తపరీక్షల అంకెలను కూడా మార్చవద్దు. మనవాళ్లు క్రియాటినిన్‌ను mg/dLలో ఇస్తారు, ఇంగ్లండులో µmol/L వాడతారు. అమ్మకు వచ్చిన 1.4ను 88.4తో గుణిస్తే సుమారు 124 అవుతుంది. సారాంశంలో 1.4నే దాని యూనిట్‌తో రాసి, 124ను చదరపు కుండలీకరణాల్లో అనువాదకుని గమనికగా పెట్టు. ఏది ల్యాబు మాటో, ఏది నీ లెక్కో చదివేవారికి తెలియాలి. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చెప్పే ఐఎన్ఆర్ 2.8కి యూనిట్ ఉండదు, దానికి ఏమీ తగిలించకు.

ఇక సారాంశంలో నన్ను ఎక్కువసేపు ఆపిన మాట ‘ఊపిరితిత్తుల్లో నిమ్ము’. మన ఇళ్లలో న్యుమోనియానూ నిమ్మే అంటారు, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా నిమ్మే అంటారు. మొదటిది ఇన్ఫెక్షన్. రెండోది, అమ్మ విషయంలో, గుండె అలసట వల్ల వచ్చినదై ఉండవచ్చు. వాటి చికిత్సలు వేరు. న్యుమోనియా అని నువ్వు తేల్చేస్తే అక్కడి డాక్టరు కవాటం వైపు చూడకపోవచ్చు. ఎక్స్‌రే రిపోర్టులో ఏముందో చూడు, లేదా చీటీ రాసిన డాక్టరునే అడుగు. అప్పటికీ తేలకపోతే నిమ్ము అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, దానికి రెండు అర్థాలున్నాయని గమనిక రాయి. ‘ఆయాసం’ కూడా అలాంటిదే. అది ఊపిరి అందకపోవడం, ఉబ్బసం కాదు. చేతిరాత అర్థంకాని చోట చదవలేకపోయానని రాయి, సందర్భాన్ని బట్టి పూరించకు.

అంతా అయ్యాక తెలుగు చీటీ దాచేసి, నీ ఇంగ్లీషు కాగితం మాత్రమే చూస్తూ మీ నాన్నకు తెలుగులో చెప్పు. ఆయన్ను వారం రోజుల మాత్రలు తీసి బల్లమీద పెట్టమను. ఆసిట్రోమ్ ఆరున్నర మాత్రలు రావాలి, మొత్తం 13 మిల్లీగ్రాములు. ఏడు వస్తే ఆదివారం వరుస మళ్లీ చూడు. లెక్క కుదిరాక తెలుగు చీటీ ఫోటోను, మాత్రల అట్టల ఫోటోలను కూడా జతచేసి పంపు.

మీ పెదనాన్న