పెళ్ళి హైలైట్స్‌కు సంగీతం: శిఖరం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ప్రశ్న: "నాలుగు నిమిషాల పెళ్ళి హైలైట్స్ ఎడిట్ చేస్తున్నాను. ట్రాక్ విడిగా వింటే చాలా బాగుంటుంది, వీడియో కింద పెడితే మాత్రం సగానికి వచ్చేసరికి చప్పబడిపోతోంది. ఏ ఘట్టానికి ఏ సంగీతం పెట్టాలో మీరెలా నిర్ణయిస్తారు?"

నేను కొన్నేళ్ళుగా పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. మొదట్లో నాకూ ఇదే జరిగేది. నచ్చిన ట్రాక్‌ను టైమ్‌లైన్ మొదట్లో పెట్టి, దాని వెంట షాట్లు పేర్చుకుంటూ పోయేవాణ్ణి. ట్రాక్ ఒకటిన్నర నిమిషానికే తన పతాకస్థాయికి చేరేది, అప్పటికి నా వీడియోలో పెళ్ళికొడుకు ఇంకా మండపం మెట్లు ఎక్కుతూ ఉండేవాడు. అసలు ఘట్టం వచ్చేసరికి సంగీతం దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగిలేది కాదు. అందుకే ఇప్పుడు సంగీతాన్ని ముందు నుంచి కాక, వీడియోలోని శిఖరం నుంచి వెనక్కి లెక్కపెట్టి అమర్చుకుంటున్నాను.

అయితే లెక్క కంటే ముందు భావం తేలాలి. షాట్లను సంగీతం లేకుండా వరుసగా పేర్చి చూసి, ప్రతి ఘట్టానికీ ఎదురుగా ఒక్క మాట రాసుకుంటాను: బెరుకు, సందడి, ఎదురుచూపు, నిండుదనం, ఇలా. ఈ మాట తంతు పేరును బట్టి కాక, తెరమీది ముఖాలను బట్టి రావాలి. ఒక పెళ్ళిలో అప్పగింతలు కాబట్టి ఏడుపు తెప్పించే వేణువు పెట్టాను. ఆ అమ్మాయి వెళ్తున్నది రెండు వీధుల అవతలి ఇంటికి, షాట్లలో అందరూ నవ్వుతూ ఉన్నారు. వీడియో చూసిన తల్లి "మేమంత ఏడవలేదు కదండీ" అన్నారు. ఆమె చెప్పింది నిజం, నేను ఫుటేజీని కాకుండా తంతు పేరును విన్నాను.

ఇక లెక్క విషయానికి వస్తే, ఈమధ్య చేసిన ఒక హైలైట్స్‌ను ఉదాహరణగా చెబుతాను. రఫ్ కట్‌లో మాంగల్యధారణ 2 నిమిషాల 40వ సెకను దగ్గర, అంటే 160వ సెకనులో వస్తోంది. నేను ఎంచుకున్న ప్రధాన ట్రాక్ వేగం 100 బీపీఎం, అంటే నిమిషానికి 100 బీట్లు. 60ని బీపీఎంతో భాగిస్తే ఒక బీట్‌కు 0.6 సెకను, నాలుగు బీట్ల బార్‌కు 2.4 సెకన్లు వస్తాయి. ట్రాక్‌లో వాద్యాలన్నీ కలిసి విరుచుకుపడే చోటు సరిగ్గా 40 బార్ల తరువాత, అంటే 96వ సెకను దగ్గర ఉంది. ఆ చోటును 160వ సెకను మీద ఉంచితే ట్రాక్ 64వ సెకను దగ్గర మొదలవ్వాలి. అంతకుముందు ఖాళీగా మిగిలిన 64 సెకన్లు మంగళస్నానం, పెళ్ళికూతురి ముస్తాబు, గౌరీపూజ ఘట్టాలవి. అక్కడ నేను రాసుకున్న మాట బెరుకు. ఆ భాగానికి 75 బీపీఎంలో వీణ ప్రధానంగా ఉన్న మరో ట్రాక్ తీసుకున్నాను. 75లో బార్ 3.2 సెకన్లు కాబట్టి, 20 బార్లకు 64 సెకన్లు సరిగ్గా సరిపోయాయి. ఇంత చక్కగా అన్నిసార్లూ కుదరదు. కుదరనప్పుడు ట్రాక్ మధ్యలో నాలుగో ఎనిమిదో బార్లను పూర్తిగా తీసేయడమో, మరోసారి వినిపించడమో చేస్తాను. బార్ సగంలో కోస్తే మాత్రం సంగీతం తెలియనివారికి కూడా కాలు తడబడినట్టు అనిపిస్తుంది.

ట్రాక్‌లో శిఖరం ఒక్కటే చూసుకుంటే చాలదు, శిఖరానికి ముందు అది ఎలా ఎక్కుతోందో కూడా వినాలి. నా ట్రాక్‌లో చివరి ఎనిమిది బార్లు, అంటే 19.2 సెకన్లు, డోలు దరువు క్రమంగా చిక్కబడుతూ వెళ్తుంది. దాని కింద జీలకర్ర-బెల్లం పెట్టడం, అడ్డుతెర దిగడం, ఇద్దరి చూపులు కలవడం, మంగళసూత్రాన్ని పెద్దలు తాకి దీవించడం ఉంచాను. అడ్డుతెర సరిగ్గా ఒక బార్ మొదటి బీట్ మీద కిందికి జారేలా చూసుకున్నాను. ఇక్కడ గమనించవలసింది, బీట్ మీద పడింది కట్ కాదు, తెర జారిన కదలిక. ప్రతి బీట్‌కూ కట్ వేస్తే పది సెకన్లలో కన్ను ఆ వరుసను పట్టేసుకుంటుంది, ఇక ఏ కట్‌కూ బలం ఉండదు. షాట్ లోపలి చర్య బీట్ మీద పడితే, సంగీతం ఆ క్షణం కోసమే పుట్టినట్టు ఉంటుంది.

శిఖరం దగ్గర నేను చేసేది మీకు వింతగా అనిపించవచ్చు. సూత్రం కట్టే క్షణంలో ట్రాక్‌ను పూర్తిగా ఆపి, ఆ రోజు మండపంలో రికార్డయిన గట్టిమేళాన్నే ఎనిమిది సెకన్లు వినిపిస్తాను. సన్నాయి శ్రుతి వేరు, ట్రాక్ శ్రుతి వేరు. రెంటినీ కలిపితే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి, సన్నాయి శబ్దం తగ్గిస్తే పెళ్ళే తగ్గినట్టు ఉంటుంది. పైగా ఎనిమిది బార్ల పాటు ఎక్కిన సంగీతం ఆగిన చోట అసలు మేళం మోగితే, దానికి ఏ స్టూడియో వాద్యమూ సాటి రాదని నా అభిప్రాయం. దీనివల్ల మరో మేలు కూడా ఉంది: సహజ ధ్వని వచ్చాక వినేవారి మనసులో పాత తాళం చెరిగిపోతుంది కాబట్టి, ట్రాక్ తిరిగి ఏ సెకనులో మొదలైనా ఇబ్బంది లేదు. నేను ట్రాక్‌లోని ఆ విరుచుకుపడే భాగాన్ని తలంబ్రాల మొదటి దోసిలి మీద తెరిచాను. 64వ సెకను దగ్గర వీణ నుంచి ప్రధాన ట్రాక్‌కు మారేటప్పుడు కూడా, వీణ చివరి స్వరాన్ని మోగనిచ్చి, దాని మీద కారు తలుపు చప్పుడు, బంధువుల కేకలు వేసి అతికాను.

మీ ట్రాక్ వేగం తెలుసుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సాఫ్ట్‌వేర్ 75ని 150గా చూపించడం సాధారణమే, కాబట్టి 15 సెకన్లలో మీ కాలు ఎన్నిసార్లు తాళం వేసిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించి సరిచూసుకోండి. మన పాటల్లో తిస్రగతిలో, అంటే మూడేసి దెబ్బల లెక్కలో నడిచేవి చాలా ఉంటాయి, వాటిని నాలుగేసి బీట్లుగా లెక్కిస్తే రెండో బార్ నుంచే మార్కర్లు తప్పుతాయి. వాద్యకారులు వేగాన్ని నిలిపే క్లిక్ శబ్దం చెవిలో లేకుండా వాయించిన రికార్డింగ్ అయితే వేగం నిలకడగా ఉండదు, అప్పుడు గ్రిడ్‌ను నమ్మకుండా ప్రతి బార్ మొదటి బీట్ మీద చేత్తో మార్కర్ వేసుకోవాలి.

సాహిత్యం ఉన్న పాటను మంత్రాలు గానీ, తండ్రి మాటలు గానీ వినిపించే చోట వాడకండి, రెండు మాటలు ఒకేసారి చెవికి ఎక్కవు. సినిమా పాట వాడి యూట్యూబ్‌లో పెడితే హక్కుదారుల క్లెయిమ్ వచ్చే అవకాశం ఉంది, నేను లైసెన్స్ తీసుకున్న ట్రాక్‌లే వాడతాను.

అప్పగింతలకు ఇప్పుడు దరువు లేని సంగీతమే ఎంచుకుంటున్నాను. ఒక్క వాద్యం, పొడుగాటి స్వరాలు. అక్కడ కట్‌ను బీట్ నిర్ణయించదు, కూతురి చేతిని వదిలే తండ్రి వేళ్ళు నిర్ణయిస్తాయి. ఆ వేళ్ళు విడిపోయేదాకా షాట్‌ను ఉంచి, స్వరం దానంతట అది ఆరిపోయాక కారు కదిలిన చప్పుడుతో ముగిస్తాను.