గడ్డకట్టిన చేను గురించి: ఒక కొత్త రచయిత్రికి ఉత్తరం

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ రాతప్రతి రెండుసార్లు చదివాను. యూరప్‌లో చలి ముదిరిన ఆ మూడు వందల ఏళ్ల మీద, అంటే చిన్న మంచుయుగం మీద రాయాలనుకోవడం మంచి ఆలోచనే. అయితే నీ మొదటి పేజీలో ఒక వాక్యం ఉంది: "చలి పెరిగింది, పంటలు పోయాయి, జనం తిరగబడ్డారు." నీ వ్యాసంలోని చిక్కంతా ఈ వాక్యంలోనే ఉంది. చలికీ పంటకీ మధ్య ఏం జరిగింది? పంట పోవడానికీ జనం రోడ్డెక్కడానికీ మధ్య ఎన్ని నెలలు గడిచాయి, ఆ నెలల్లో ధాన్యం ఎవరి చేతుల్లో ఉంది? ఇవి రాయకపోతే చరిత్ర రాసినట్టు కాదు.

మూడు వందల ఏళ్ల కథను పది పేజీల్లో చెప్పాలని చూడకు. ఒకే చలికాలం తీసుకో. నన్నడిగితే 1709 నాటి ఫ్రాన్స్ తీసుకోమంటాను. గత 500 ఏళ్లలో యూరప్‌కు వచ్చిన అతి చల్లని శీతాకాలంగా దాన్ని లెక్కిస్తారు. సూర్యుడి మీద మచ్చలు బాగా తగ్గిపోయిన 1645–1715 కాలం చివర్లో వచ్చింది. అలాగని ఆ శతాబ్దాలన్నీ ఎడతెగని చలి అని రాయకు. సగటున తగ్గిన వేడి ఒక డిగ్రీ కూడా ఉండదు. ఆ కొద్ది తగ్గుదల ఏటా అందరికీ సమానంగా పంచినట్టు రాలేదు. పదేళ్లు మామూలుగా గడిచి, పదకొండో ఏడు విరుచుకుపడేది.

జనవరి 5 రాత్రి దాకా వానలు. ఆ రాత్రే చలిగాలి దిగింది, తెల్లారేసరికి నదులు గడ్డకట్టడం మొదలైంది. చాలామంది రచయితలు ఇక్కడే ఆగిపోతారు, నువ్వూ ఆగావు. వెర్సాయ్ రాజభవనంలో సీసాలు పగిలాయి, మంట పక్కన కూర్చున్నా కలం పట్టుకోలేకపోతున్నానని రాజుగారి మరదలు ఉత్తరం రాసింది, చర్చిల్లో ద్రాక్షసారా గిన్నెలోనే గడ్డకట్టింది. ఇవన్నీ నిజాలే, కంటికి ఆనే వివరాలే. కానీ కరువు సీసాలో పుట్టలేదు, చేలో పుట్టింది.

చేలో ఏం జరిగిందో చెబుతాను. ఉత్తర ఫ్రాన్స్ రైతు గోధుమను అక్టోబరులో చల్లుతాడు. శీతాకాలం వచ్చేసరికి అది నాలుగైదు ఆకుల చిన్న మొక్క. ఆ మొక్క చలికి చచ్చేది కాదు. చలి ముదిరేకొద్దీ తానూ గట్టిపడుతుంది. పైన మంచు పరుచుకుంటే అది దుప్పటిలా కాపాడుతుంది కూడా. అందుకే జనవరి మూడు వారాల చలికి గోధుమ చాలాచోట్ల నిలబడింది. దెబ్బ తగిలింది తర్వాత. నెలాఖరులో గాలి మారి మంచు కరిగింది. దుప్పటి పోయింది, నేల నీటితో నానింది, మొక్క కాస్త వెచ్చబడి గట్టిదనం కోల్పోయింది. సరిగ్గా అప్పుడు, ఫిబ్రవరి మొదట్లో, చలి మళ్లీ దిగింది. నానిన మట్టి గడ్డకడితే ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు మొక్కను మొదలుతో సహా పైకి లేపి వేళ్లు తెంపేస్తుంది. కరుగుతూ, మళ్లీ గడ్డకడుతూ మార్చి దాకా ఇదే వరస. దక్షిణాన ఆలివ్ చెట్లు, ఇంకా చాలాచోట్ల వాల్‌నట్ చెట్లు, ద్రాక్షతోటలు కూడా ఆ ఏడే ఎండిపోయాయి. గోధుమ ఏడాదికి మళ్లీ వస్తుంది, ఆలివ్ చెట్టు కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది.

నీ వ్యాసానికి అసలు మలుపు ఈ "మంచు కరగడం". చలి తగ్గిందని జనం ఊపిరి పీల్చుకున్న ఆ వారమే పంటను చంపింది.

ఇప్పుడు లెక్క. కరువు గురించి రాసేవాళ్లు కళ్లం లెక్క తెలియకుండా రాయకూడదు. పాతికేళ్ల క్రితం నా మొదటి కరువు కథలో నేను బీటలు వారిన నేల రాశాను, డొక్కలెగరేసే పశువులను రాశాను. పంట సగమైతే ఇంట్లో తిండి సగమవుతుందని ఊహించాను. ఒక పల్లెటూరి రైతు ఆ కథ చదివి, "విత్తనం ఎక్కడ తీశావు బాబూ?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో నా లెక్క తప్పని తెలిసింది.

ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో ఒక గింజ చల్లితే ఐదారు వచ్చేవి. అర్థం కావడానికి ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక రైతు పది బస్తాలు చల్లాడు, మంచి ఏడు కాబట్టి యాభై పండాయి. వచ్చే ఏటి విత్తనానికి పది తీసి పక్కన పెట్టాలి. చర్చికి పదో వంతు, అంటే ఐదు. కౌలూ రాజుగారి పన్నూ కలిపి పదిహేను అనుకో. ఇంటికి ఇరవై మిగిలాయి. ఇప్పుడు పంట సగమైంది, పాతికే వచ్చాయి. విత్తనం పది తగ్గదు. కౌలూ పన్నూ పదిహేను తగ్గవు. చర్చికి రెండున్నర. మొత్తం ఇరవై ఏడున్నర ఇవ్వాలి, చేతికొచ్చింది పాతిక. పంట సగానికి తగ్గితే ఇంటి తిండి సగానికి కాదు, సున్నాకన్నా కిందికి పోతుంది. ఇక రైతు విత్తనం తింటాడు, లేదా ఎద్దును అమ్ముతాడు, లేదా అప్పు చేస్తాడు. ఈ మూడింటిలో ఏది చేసినా రెండో ఏడు కూడా పోయినట్టే.

భూమి లేని కూలివాడి సంగతి ఇంకా ఘోరం. మామూలు ఏడులోనే అతని కూలిలో సగానికి పైగా రొట్టెకే పోయేది. పారిస్‌లో గోధుమ ధర 1708 వేసవి నుంచి 1709 శరత్తుకు ఐదు రెట్లకు పైనే పెరిగింది. పొలాల్లో పని లేదు కాబట్టి కూలి కూడా లేదు.

ఇక్కడ నీ వ్యాసంలో కనపడని ఒక వివరం ఉంది, దాన్ని వదలకు. మార్చిలో రైతులు చేలు చూసి, చచ్చిన గోధుమను దున్నేసి బార్లీ చల్లుదామనుకున్నారు. బార్లీని వసంతంలో వేస్తే ఆ వేసవికే చేతికొస్తుంది. అధికారులు మొదట వద్దన్నారు. వేరు నుంచి గోధుమ మళ్లీ చిగురిస్తుందేమోనని వాళ్ల ఆశ. అనుమతి వచ్చేసరికి విలువైన వారాలు గడిచిపోయాయి, బార్లీ విత్తనం ధర ఆకాశానికి ఎక్కింది. అయినా మాట వినకుండా చల్లిన వాళ్ల చేలూ, ఆలస్యంగా చల్లిన వాళ్ల చేలూ ఆ వేసవిలో బాగా పండాయి. ఆ ఏడు ఇంకా ఎక్కువమంది చావకుండా ఆపింది ఆ బార్లీయే. చలి మనిషి చేతిలో లేదు. మార్చిలో దున్నాలా వద్దా అన్నది మాత్రం మనిషి చేతిలోనే ఉంది.

ఇక తిరుగుబాటు. ఆకలి ఎక్కువున్న చోటే గొడవ ఎక్కువ అని నువ్వు రాశావు. జరిగింది అలా కాదు. పూర్తిగా చితికిపోయిన పల్లెల్లో జనం తిరగబడలేదు. ఇల్లు వదిలి పట్నం దారి పట్టారు, దారిలో చనిపోయారు. గొడవలు జరిగింది ధాన్యం కదిలే చోట్ల: సంతల్లో, నదీ రేవుల్లో, పడవల దగ్గర, బళ్లు వెళ్లే దారుల్లో. కళ్ల ముందు గోధుమ బస్తాలు పడవెక్కి పారిస్‌కో సైన్యానికో వెళుతుంటే ఆడవాళ్లు ముందుండి ఆపారు. చాలాచోట్ల వాళ్లు దోచుకోలేదు. ఊళ్లోనే, తాము న్యాయమనుకున్న ధరకు అమ్మమన్నారు. ఈ తేడా నీ పాఠకుడికి తెలియాలి. పారిస్ ఆడవాళ్లు రొట్టె అడగడానికి వెర్సాయ్ బయల్దేరితే సెవ్ర్ వంతెన దగ్గర సైనికులు అడ్డుకుని వెనక్కి పంపారు. ఆగస్టు 20న పారిస్‌లో ఇంకో గొడవ జరిగింది. కరువు పనిగా ఒక మట్టిదిబ్బ తవ్విస్తూ కూలికి బదులు రొట్టె ఇస్తామన్నారు. వచ్చిన జనం లెక్కకు మించారు, రొట్టె చాలలేదు. దుకాణాలు దోచారు, సైనికులు కాల్పులు జరిపారు.

ధాన్యం సైన్యానికి ఎందుకు పోయిందో ఒక పేరా రాయి. అప్పటికి ఫ్రాన్స్ ఎనిమిదేళ్లుగా స్పెయిన్ వారసత్వ యుద్ధంలో ఉంది. బయటినుంచి గోధుమ తెప్పిద్దామంటే సముద్రం మీద శత్రు నౌకలున్నాయి. రాజు తన వెండి పళ్లాలు కరిగించి నాణేలు కొట్టించాడు. జూన్‌లో, మునుపెన్నడూ లేనట్టు, యుద్ధం ఎందుకు ఆపలేకపోతున్నానో జనానికి వివరిస్తూ బహిరంగ లేఖ పంపాడు. పల్లెల్లో తిండిలేని కుర్రాళ్లు రొట్టె దొరుకుతుందని సైన్యంలో చేరారు. పల్లె ధాన్యం తీసుకున్న సైన్యమే, అదే పల్లె పిల్లలకు ఆ ధాన్యం పెట్టింది. సెప్టెంబరు 11న మల్‌ప్లాకే యుద్ధభూమిలో ఉన్నవాళ్లలో ఇలాంటి వాళ్లు ఎందరో.

1709–10లో ఫ్రాన్స్‌లో మామూలు కన్నా సుమారు 6 లక్షల మంది ఎక్కువగా చనిపోయారని చరిత్రకారుల అంచనా. ఈ అంకె ఎలా వచ్చిందో కూడా చెప్పు. ప్రతి ఊరి చర్చిలో పూజారి బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసే దస్తరం ఉంటుంది. కరువు ఏడు దాన్ని తిరగేస్తే ముందు పెళ్లిళ్లు తగ్గుతాయి, ఖననాలు పెరుగుతాయి, తొమ్మిది నెలల తర్వాత బాప్తిస్మాలు పడిపోతాయి. పేరు తెలియని బాటసారులు అక్కడక్కడా కనిపిస్తారు. నేరుగా ఆకలితో పోయినవాళ్ల కన్నా బక్కచిక్కిన ఒంటికి జ్వరాలూ విరేచనాలూ తగిలి పోయినవాళ్లే ఎక్కువ.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, ఇదే ఫ్రాన్స్‌లో 1693–94 కరువు సుమారు 13 లక్షల మందిని తీసుకుపోయింది. 1709కి రెండింతలు. అప్పుడు నదులు గడ్డకట్టిన ఘోరమైన చలికాలం లేదు. చల్లని, తడిసిన వేసవుల్లో గోధుమ సరిగా పండలేదు, అంతే. చలికి ఒళ్లు జలదరించిన ఏడే జనం ఎక్కువగా చచ్చిన ఏడని అనుకోకు. పైగా 1709లో ఇంగ్లండ్ కూడా ఆ చలినే చూసింది. అక్కడ ధరలు పెరిగాయి కానీ ఇన్ని చావులు లేవు. ఊరూరా పేదలకు పన్ను డబ్బుతో తిండి పెట్టే చట్టం వాళ్లకు అప్పటికే వందేళ్లుగా ఉంది.

రెండోది, చివరి పేజీలో నువ్వు 1630–32 నాటి గుజరాత్, దక్కన్ కరువును "మంచుయుగపు చలి" ఖాతాలో వేశావు. అది తీసెయ్. ఇక్కడ చలికి పంట పోలేదు. 1630లో వానలు రాలేదు, మరుసటి ఏడు కొన్నిచోట్ల అతివృష్టి. షాజహాన్ సైన్యం బుర్హాన్‌పూర్‌లో దిగి ఉంటే బంజారాల ఎడ్ల మీద వచ్చే ధాన్యం అటే పోయిందని అప్పట్లో ఆ దారిన నడిచిన ఇంగ్లిష్ వర్తకుడు పీటర్ మండీ రాశాడు. సైన్యం ధాన్యాన్ని లాగడం రెండు చోట్లా ఒకటే. వాతావరణం మాత్రం ఒకటి కాదు. ఆ కథ కావాలంటే వేరే వ్యాసంగా, వానతో మొదలుపెట్టి రాయి.

ఇప్పుడు నీ వ్యాసం మొదటి పేజీని మార్చి నెల చివర్లో, ఒక రైతు చేలో మొదలుపెట్టు. మంచు పోయి నేల బురదగా ఉంది. అతను వంగి ఒక గోధుమ మొక్కను రెండు వేళ్లతో లాగితే ఏ పట్టూ లేకుండా చేతిలోకి వచ్చేస్తుంది. మొదలు నొక్కి చూస్తాడు, లోపల గోధుమరంగు, మెత్తగా. పక్క మొక్క లాగుతాడు, అదీ అంతే. గాదెలో బార్లీ విత్తనం రెండు బస్తాలుంది, ఇంట్లో ఐదుగురున్నారు, ఊళ్లో దున్నొద్దని చాటింపు వేసి నాలుగు రోజులైంది. అక్కణ్ణుంచి రాసి, ఆ పేజీ ఒక్కటీ ముందు నాకు పంపు.