నేను జెన్ ఎక్స్, మా ఆవిడ మిలీనియల్: మా పెట్టుబడులు వేరుగా ఉండాలా?

*ప్రశ్న: నేను 1980 డిసెంబర్ 28న పుట్టాను. మా ఆవిడ 1981 ఫిబ్రవరి 9. ఒక పెట్టుబడి యాప్‌లో పుట్టిన సంవత్సరం కొడితే నన్ను జెన్ ఎక్స్ అంది, 40 శాతమే ఈక్విటీలో పెట్టమంది. ఆమెను మిలీనియల్ అంది, 75 శాతం పెట్టమంది. నేను ఆటోనగర్‌లో ప్రైవేటు కంపెనీలో 2005 నుంచి పనిచేస్తున్నాను. ఆమెకు 2007లో రైల్వేలో ఉద్యోగం వచ్చింది. చెరో పది వేలు నెలనెలా దాచాలని అనుకుంటున్నాం. ఇందులో ఎవరి మాట వినాలి? – గాజువాక, విశాఖపట్నం*

ఆ యాప్ లెక్క ప్రకారం మీరు ఇంకో నాలుగు రోజులు ఆగి పుట్టి ఉంటే మీరూ మిలీనియలే. అప్పుడు మీకూ 75 శాతమే చెప్పేది. నాలుగు రోజుల తేడాకు 35 శాతం తేడా చూపించే సలహాను పక్కన పెట్టేయండి.

తరాల మధ్య 1980 దగ్గర గీత గీసింది అమెరికాలో. అక్కడి ప్యూ రీసెర్చ్ సెంటర్ వాడే లెక్కలో 1965 నుంచి 1980 వరకు జెన్ ఎక్స్, 1981 నుంచి 1996 వరకు మిలీనియల్స్, ఆ తర్వాత 2012 దాకా జెన్ జీ. కానీ మిలీనియల్ అన్న పేరుకు ప్రచారం తెచ్చిన స్ట్రాస్, హోవ్ అనే రచయితలు ఆ తరాన్ని 1982 నుంచి మొదలుపెట్టారు, ఎందుకంటే ఆ పిల్లలు 2000లో హైస్కూల్ చదువు పూర్తిచేస్తారు. ఆస్ట్రేలియాలో మెక్‌క్రిండిల్ సంస్థ 1980 నుంచే లెక్క కడుతుంది. అంటే మీరు అమెరికాలో జెన్ ఎక్స్, ఆస్ట్రేలియాలో మిలీనియల్!

ఈ పేర్లలో జనాభా లెక్కల ఆధారం గట్టిగా ఉన్నది బేబీ బూమర్స్ ఒక్కదానికే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1946 నుంచి అమెరికాలో పుట్టేవాళ్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది, 1964 తర్వాత బాగా తగ్గింది. మిగతా గీతలు సౌకర్యం కోసం గీసుకున్నవి. 1996 దగ్గర ఎందుకు ఆపారంటే, 2001 సెప్టెంబర్ 11 దాడులు గుర్తుండే వయసు వాళ్లను ఒక గుంపుగా చూడాలని. ఈ మాట ప్యూ వాళ్లే చెప్పారు. ఇలాంటి పేర్లు మానేయాలని 2021లో సామాజిక శాస్త్రవేత్తలు వాళ్లకు బహిరంగ లేఖ రాశారు, ఇకపై వీటిని జాగ్రత్తగా వాడతామని 2023లో ప్యూ కూడా చెప్పింది. మన దగ్గర 1964 తర్వాత జననాలు అలా తగ్గిపోలేదు. 1961లో 43.9 కోట్లు ఉన్న జనాభా 1971కి 54.8 కోట్లయింది. ఆ గీతలకూ మన గాజువాకకూ ఏం సంబంధం?

అసలు మన ఇళ్లలో పుట్టిన సంవత్సరమే అనుమానం. నా సర్టిఫికెట్‌లో జూన్ 1 ఉంటుంది. బడిలో చేర్చేటప్పుడు వయసు చాలడం లేదని హెడ్మాస్టరు గారు వేసిన తేదీ అది. మా క్లాసులో సగం మందికి పుట్టినరోజు జూన్‌లోనే. 1981 జనవరిలో పుట్టిన పిల్లాడికి 1980 జూన్ అని రాస్తే, ఆయన కలంతోనే వాడి తరం మారిపోయినట్టు.

ఇప్పుడు డబ్బు సంగతి. మీకు 60 నిండేది 2040 డిసెంబర్‌లో, మీ శ్రీమతికి 2041 ఫిబ్రవరిలో. నెలకు 10 వేల చొప్పున 15 ఏళ్లు, ఏడాదికి 10 శాతం పెరుగుతుందని అనుకుని లెక్కేస్తే సుమారు 41 లక్షల 45 వేలు వస్తుంది. ఇంకో రెండు నెలలు కడితే దానికి సుమారు 90 వేలు కలుస్తుంది. వేరు గుంపుల్లో వేసిన మీ ఇద్దరి మధ్య తేడా ఇంతే. అదే మీ ఆవిడతో ఒకే గుంపులో వేసిన 1996లో పుట్టిన అమ్మాయికి ఇంకో 30 ఏళ్లు ఉన్నాయి. అదే పది వేలు, అదే 10 శాతం అయితే ఆమెకు సుమారు 2 కోట్ల 26 లక్షలు. ఆ ఇద్దరికీ ఒకే సలహా ఎలా సరిపోతుంది?

అయితే మీ ఇద్దరి ప్లాన్ ఒకేలా ఉండాలని కూడా నేను అనను. తేడా ఉంది, అది పుట్టిన తేదీలో లేదు, ఉద్యోగంలో ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 2004 జనవరి 1 నుంచి చేరినవాళ్లకు, సైన్యం మినహా, ఖాయంగా వచ్చే పాత పెన్షన్ బదులు, జమ చేసిన డబ్బు మార్కెట్‌లో పెరిగినదాన్నిబట్టి పెన్షన్ వచ్చే ఎన్‌పీఎస్ వచ్చింది. నా దగ్గరకు వచ్చే ఒకాయన 1981లోనే పుట్టారు, వాల్తేరు డివిజన్‌లో 2003 జూన్‌లో చేరారు. ఆయనకు పాత పెన్షన్. మీ శ్రీమతి ఆయనతో ఒకే ఏడు పుట్టినా 2007లో చేరారు కాబట్టి ఎన్‌పీఎస్. జనవరి 1 అన్నదీ ఎవరో పెట్టిన గీతే, కాదనను. కానీ దాని వెనక ప్రభుత్వ నోటిఫికేషన్ ఉంది, దాన్నిబట్టే జీవితాంతం పెన్షన్ మారిపోతుంది.

2025 ఏప్రిల్ 1 నుంచి ఎన్‌పీఎస్ ఉద్యోగుల కోసం యూపీఎస్ అనే పథకం అమల్లోకి వచ్చింది. 25 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్‌గా ఖాయం. ఆమె దానికి మారారో, ఎన్‌పీఎస్‌లోనే ఉన్నారో ముందు కనుక్కోండి. మారి ఉంటే ఆమెకు నెలనెలా ఖాయంగా వచ్చేది ఒకటి ఉంటుంది కాబట్టి, ఈ పది వేలలో 70 శాతం వరకు ఈక్విటీలో పెట్టినా నాకు భయం లేదు. యాప్ చెప్పినదానికి దగ్గరగానే వచ్చాం, కానీ కారణం వేరు.

మీ సంగతి వేరు. పీఎఫ్‌తో పాటు మీకు ఈపీఎస్ పెన్షన్ ఉంటుంది. దాన్ని 15 వేల జీతం పరిమితి మీద లెక్కిస్తారు. 58 ఏళ్లకు మీ సర్వీసు 33 ఏళ్లు, 20 ఏళ్లు దాటినందుకు ఇంకో రెండు కలిపి 35. దాన్ని 15 వేలతో గుణించి 70తో భాగిస్తే 7,500. 2014కు ముందు పరిమితి 6,500 మాత్రమే కాబట్టి నిజంగా చేతికి వచ్చేది ఇంకా తక్కువే. ఆ డబ్బుతో ఇల్లు గడవదు. మీ నిధి మీరే కట్టుకోవాలి కాబట్టి 40 శాతంతో సరిపెట్టుకోవడం నాకు నచ్చడం లేదు. 60 శాతంతో మొదలుపెట్టి, 55 ఏళ్లు వచ్చాక ఏటా కొంచెం కొంచెంగా డిపాజిట్లలోకి, డెట్ ఫండ్లలోకి మార్చండి. మార్కెట్ ఒక్కసారిగా పడితే తీసేసుకునే అలవాటు మీకు ఉంటే మాత్రం 50 దగ్గరే ఆగండి. ఇది మీ ఒక్కరికే తెలిసిన విషయం, పుట్టిన తేదీ చూస్తే తెలియదు.

ఒక పని ఈ వారంలోనే చేయండి. మీ పీఎఫ్ ఖాతాలో, ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటే ఉందో లేదో చూడండి. తేడా ఉంటే క్లెయిమ్ దగ్గర ఆగిపోతుంది. అప్పుడు కంపెనీ ద్వారా జాయింట్ డిక్లరేషన్ పెట్టి సరిచేయించుకోవాలి. రిటైర్మెంట్ దగ్గర పడ్డాక ఆ కాగితాల కోసం తిరగడం పెద్ద టెన్షన్. కంపెనీ మారే ఆలోచన ఉంటే, పాత కంపెనీలో ఉండగానే ఈ పని ముగించుకోండి.