కరెంట్ మారకపోతే ఇనుము మీద బలం గుర్తు ఎందుకు తిరగబడుతోంది?

ప్రశ్న: విద్యుదయస్కాంతానికీ ఇనుప ముక్కకీ మధ్య గాలి ఖాళీలో శక్తి సాంద్రత B²/2μ₀ తీసుకుని, కరెంట్ స్థిరంగా ఉంచి లెక్క కడితే, ఇనుప ముక్క దగ్గరికొచ్చేకొద్దీ శక్తి పెరుగుతోంది. అంటే బలం బయటికి తోస్తున్నట్టే కదా? ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: మీరు కట్టిన శక్తి సరైనదే, కానీ పవర్ సప్లై ఇచ్చే శక్తిని వదిలేశారు. బీటెక్‌లో నాకూ ఇదే గుర్తు వచ్చింది. ల్యాబ్‌లోనేమో ముక్క లోపలికే లాగుతోంది. చివరికి అక్కడి అంకెలతోనే నాకు అర్థమైంది.

మా దగ్గర U ఆకారపు కోర్‌కు 1000 చుట్ల కాయిల్ ఉండేది. కరెంట్ 2 ఆంపియర్లు. రెండు కొసలు, ఒక్కోటి 4 చదరపు సెం.మీ. ప్రతి కొసకీ, ముక్కకీ మధ్య 2 మి.మీ. ప్లాస్టిక్ రేకు పెట్టాం (అయస్కాంతానికి ప్లాస్టిక్ గాలి లాంటిదే). ఇనుము తినే ఆంపియర్ చుట్లను పక్కన పెడితే:

```
B = μ₀NI/(2g) = 0.628 T
```

రెండు ఖాళీల్లో కలిపి శక్తి 0.2513 జౌళ్లు. ఖాళీని 1.9 మి.మీ.కి తగ్గించండి. B 0.661 టెస్లా అవుతుంది, శక్తి 0.2646 జౌళ్లకు చేరుతుంది. మీరు చూసిన పెరుగుదల ఇదే, సుమారు 0.0132 జౌళ్లు. అయితే ఫ్లక్స్ పెరిగేటప్పుడు కాయిల్‌లో ఎదురు వోల్టేజి పుడుతుంది. దాన్ని తట్టుకుని కరెంట్ తగ్గకుండా ఉంచడానికి సప్లై NI·ΔΦ, అంటే 0.0265 జౌళ్లు అదనంగా ఇవ్వాలి. అందులో సగం క్షేత్రంలో చేరింది, మిగతా 0.0132 జౌళ్లు ముక్కను లాగే పనికి పోయింది. 0.1 మి.మీ. దూరానికి ఆ పని అంటే సగటున 132 న్యూటన్ల బలం, లోపలికే.

సప్లై ఊసే లేకుండా చేయాలంటే ఫ్లక్స్‌ను స్థిరంగా ఉంచండి. అప్పుడు B మారదు, కాయిల్‌లో వోల్టేజి పుట్టదు, బయటి నుంచి శక్తి రాదు. ముక్క dx జరిగితే 2A·dx ఘనపరిమాణంలోని శక్తి మాయమవుతుంది, అదంతా పనిగా మారుతుంది:

```
F = (B²/2μ₀)·2A
```

2 మి.మీ. దగ్గర ఇది 126 న్యూటన్లు, దాదాపు 12.8 కిలోల బరువు. ఖాళీ 1.9 మి.మీ. అయితే 139. పైన వచ్చిన 132 ఈ రెండింటి మధ్యే ఉంది.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. మొదట నేను ఒక్క కొసనే లెక్కలోకి తీసుకుని 6.4 కిలోలన్నాను. 10 కిలోలు వేలాడదీసినా ముక్క ఊడలేదు. దాంతో రెండో కొసను మర్చిపోయానని తెలిసింది. 11 కిలోలు దాటాక ఊడింది. 12.8 దాకా రాకపోవడానికి ఒక కారణం, ఆంపియర్ చుట్లలో కొంత ఇనుమే తినేయడం.

ఖాళీని సున్నాకి తెస్తే NI సూత్రం అనంతం చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. మామూలు ఇనుము 2 టెస్లా దగ్గరికొచ్చేసరికి సంతృప్తమవుతుంది. అక్కడ లాగుడు చదరపు సెం.మీ.కి దాదాపు 16 కిలోలు.