చుక్కలు ముందా, ఆవిరి ముందా?

ప్రశ్న: 21 నెలల క్రితం ఒక షెడ్డులో నా పెట్రోల్ కారుకు వాటర్ పంపు, కూలంట్ మార్పించి 9,400 రూపాయలు కట్టాను. 19 రోజుల తర్వాత నాన్నగారిని ఆసుపత్రికి తీసుకువెళ్తుంటే, కోదాడ దాటాక అప్పటిదాకా మధ్యలోనే ఉన్న ఇంజిన్ వేడి చూపే ముల్లు ఒక్కసారిగా పైకి లేచి ఎర్ర లైటు వెలిగింది. ఆసుపత్రికి ఆలస్యమవుతుందని మరో 5 కిలోమీటర్లు నడిపాను. పొగలు వచ్చాక ఆపి, మూడున్నర లీటర్ల నీళ్లు పోసి కొంత దూరం పోయేసరికి ఇంజిన్ ఆగిపోయింది. ఇంజిన్ హెడ్ వంగిందని, 1,18,000 ఖర్చవుతుందని అక్కడి మెకానిక్ చెప్పాడు. థర్మోస్టాట్ మూసుకుపోయిందని, షెడ్డువాళ్లే నకిలీది బిగించారని లెటర్‌హెడ్ మీద రాసిస్తానంటున్నాడు. షెడ్డువాళ్లు 'చూద్దాం' అంటూ తిప్పుతున్నారు. విప్పిన భాగాలు గోనెసంచిలో ఉన్నాయి. ఇంజిన్ ఆగడానికి వారం ముందు వాకిట్లో కారు కింద గులాబీ చుక్కలు పడ్డాయని మా ఆవిడ వాట్సాప్‌లో ఫొటో పెట్టింది కానీ నేను పట్టించుకోలేదు. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ లేఖలో చివర మీరు పక్కకు నెట్టేసిన వాక్యమే ఈ కేసుకు ప్రాణం. ఆ ఫొటో ఉన్న ఫోన్‌ను మార్చకండి, ఆ సంభాషణను చెరపకండి, ఫొటోను కత్తిరించి వేరేగా దాచుకోకండి.

ఇంజిన్ వేడెక్కడానికి ఇక్కడ రెండు దారులున్నాయి, వాటిలో ఒకటి మాత్రమే షెడ్డువారి తలుపు దగ్గరికి వెళుతుంది. వాటర్ పంపు కూలంట్‌ను బ్లాకులోకీ, అక్కడి నుంచి హెడ్‌లోకీ తోస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ మూసుకుని ఉండటం వల్ల ఆ ద్రవం రేడియేటర్‌కు వెళ్లకుండా లోపలే తిరుగుతుంది. థర్మోస్టాట్ మీద అచ్చు వేసిన ఉష్ణోగ్రత, సాధారణంగా 82 లేదా 88 డిగ్రీలు, రాగానే అందులోని మైనం కరిగి ఉబ్బి వాల్వును తెరవడం మొదలుపెడుతుంది, అప్పుడు వేడి ద్రవం రేడియేటర్‌కు పోయి చల్లబడి తిరిగి వస్తుంది. ఆ వాల్వు తెరుచుకోకపోతే ద్రవం నిండుగా ఉన్నా రేడియేటర్‌కు ప్రవాహం లేక ఇంజిన్ మరుగుతుంది. ఇది మొదటి దారి. ద్రవమే కారిపోతే పంపు తోయడానికి ఏమీ మిగలదు. ఇది రెండోది.

మీ బిల్లులో పంపు ఉంది, కూలంట్ ఉంది, థర్మోస్టాట్ లేదు. వాళ్లు మార్చని, మార్చామని డబ్బు తీసుకోని భాగం తనంతట తాను చెడిపోయిందని మీ మెకానిక్ రాసిస్తే, ఆ కాగితం షెడ్డువారిని విడిచిపెట్టే కాగితమే అవుతుంది. దాన్ని సరిదిద్దడానికే అతడు 'నకిలీది బిగించారు' అన్న మాట చేర్చాడు కాబోలు. ఆ కాగితాన్ని వినియోగదారుల కమిషన్ ముందు పెట్టవద్దు. బిల్లులో లేని భాగాన్ని వాళ్లు బిగించారని అతడు ప్రమాణపత్రంలో రాస్తే అది అబద్ధపు సాక్ష్యం, తెలిసీ దాన్ని దాఖలు చేస్తే మీరూ అందులో భాగస్వాములే. పైగా అది నిలబడదు. ఎదుటి పక్షం న్యాయవాది ఆ థర్మోస్టాట్‌ను దారంతో కట్టి, ఉష్ణమాపకం ఉంచిన నీళ్ల గిన్నెలో వేలాడదీసి వేడి చేయమని అడిగితే చాలు. అది అచ్చు వేసిన అంకె దగ్గర చక్కగా తెరుచుకుంటే మీ సాక్షితో పాటు మీ కేసూ కూలిపోతుంది. ఒకవేళ తెరుచుకోకపోయినా, విపరీతంగా వేడెక్కిన ఇంజిన్‌లో థర్మోస్టాట్ కూడా దెబ్బతినవచ్చు కనుక, అది ముందే చెడిందా తర్వాత చెడిందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

మీకు అనుకూలమైనది రెండో దారి. మీరు పోసిన మూడున్నర లీటర్లను బట్టి ద్రవం చాలావరకు పోయిందని తెలుస్తుంది కానీ, ముందే పోయిందని తేలదు, ఎందుకంటే ఏ కారణంతో మరిగిన ఇంజిన్ అయినా ద్రవాన్ని మూత గుండా, రిజర్వు బాటిల్ గుండా బయటికి కక్కుతుంది. ఆ చిక్కును విప్పేది మీ వాకిట్లోని చుక్కలు. ఇంజిన్ మరగడానికి వారం ముందే, చల్లగా నిలిపి ఉంచిన కారు నుంచి కూలంట్ కారుతోందని ఆ ఫొటో, దాని తేదీ చెబుతున్నాయి. ముల్లు మధ్యలోనే ఉండి ఒక్కసారిగా లేవడం కూడా దీనికి సరిపోతుంది. ద్రవం తగ్గినప్పుడు హెడ్‌లో గాలి, ఆవిరి చేరతాయి, ఉష్ణోగ్రత చూసే సెన్సర్ ద్రవంలో మునిగి లేకపోతే అసలు వేడిని సరిగా పట్టలేదు. కాబట్టి 'ముల్లు ఎప్పుడో లేచి ఉంటుంది, మీరే చూడలేదు' అని వాళ్లు అంటే జవాబు ఉంది.

అయితే చుక్కలు పడ్డాయన్నంత మాత్రాన పంపు దగ్గరే కారిందని కాదు. కూలంట్ ఆరిపోయిన చోట రంగు పొరగా, పొక్కులా మిగులుతుంది. అది పంపు జాయింటు చుట్టూ, పంపు కిందివైపు, లేదా పని కోసం వాళ్లు విప్పి బిగించిన హోస్ క్లిప్పు దగ్గర ఉంటే బాధ్యత వారి మీద పడుతుంది. రేడియేటర్ అతుకు దగ్గర ఉంటే పడదు. గోనెసంచిలోని పంపును, గ్యాస్కెట్ ముక్కలను, హోస్‌ను, క్లిప్పులను కడగవద్దు, తుడవవద్దు. ఇవాళే ఫొటోలు తీయించి, భాగాల జాబితా రాసి మెకానిక్ సంతకం తీసుకుని, సంచికి సీలు వేయించి మీ దగ్గర ఉంచుకోండి. బ్లాకు మీద పంపు కూర్చునే చోటును కూడా ఎవరూ గీకకూడదు. ఇన్ని నెలలు ఆ సంచిని ఓ మూలన పడేశారంటే మీకు కారు మీద ఉన్న బాధ సాక్ష్యం మీద లేదని నేను అనుకోవాల్సి వస్తోంది.

అంతకంటే పెద్ద అజాగ్రత్త కాలపరిమితి విషయంలో చేశారు. వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వివాద కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. షెడ్డువారు 'చూద్దాం' అన్నంత మాత్రాన గడువు పెరగదు, లీగల్ నోటీసు ఇచ్చినా పెరగదు. ఇంజిన్ ఆగిన రోజు నుంచి లెక్కించాలని మనం వాదించగలం కానీ, ఎదుటివారు పంపు బిగించిన రోజు నుంచి లెక్కిస్తారు. కనుక ఆ తొలి తేదీనే పట్టుకుంటే మీకు మిగిలింది సుమారు మూడు నెలలే. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, దాన్ని నమ్ముకుని కూర్చునే అవసరం మీకు లేదు.

మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, షెడ్డు ఉన్న ఊరికి వెళ్లనక్కరలేదు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే గనుక ఫీజు లేదు. దానితో పాటే, పంపు, థర్మోస్టాట్, హెడ్‌లను షెడ్డువారి సమక్షంలో నిపుణుడి చేత పరీక్షింపజేయాలని దరఖాస్తు పెట్టండి. థర్మోస్టాట్ పరీక్షను మీరే ఇంట్లో చేసి చూడాలని అనిపిస్తుంది, చేయవద్దు. ఫొటోకు సంబంధించి మీ భార్య ప్రమాణపత్రం, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయండి. కమిషన్ సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పట్టుకోకపోవచ్చు, అయినా అభ్యంతరానికి చోటు ఇవ్వడం దేనికి?

ఇక ఎర్ర లైటు వెలిగాక నడిపిన 5 కిలోమీటర్లు, నీళ్లు పోసి మళ్లీ నడిపిన దూరం. దీన్ని దాచవద్దు. ద్రవం లేని ఇంజిన్‌ను నడిపితే అల్యూమినియం హెడ్ నిమిషాల్లో వంగిపోవచ్చు, మరిగిన ఇంజిన్‌లో హఠాత్తుగా చన్నీళ్లు పడితే పగులు రావచ్చు. షెడ్డువారి ప్రధాన వాదన ఇదే అవుతుంది. చుక్కలు చూసి కూడా రిజర్వు బాటిల్ మూత తీసి చూడలేదన్నది దానికి తోడవుతుంది. ఆ ఫొటో మీ చేతిని కూడా కొంత కోస్తుంది, తప్పదు. నాన్నగారి పరిస్థితి కారణంగా ఆపలేకపోయానని ఆసుపత్రి చీటీతో సహా ఫిర్యాదులోనే రాయండి, అక్కడ అది సానుభూతి కోసం కాదు, నడపడానికి కారణంగా పనికివస్తుంది. పంపు జాయింటు కారిందని నిపుణుడు చెబితే 9,400, కారును లాగించిన ఖర్చు, మరమ్మతులో కొంత భాగం రావడానికి అవకాశం ఉంది. 1,18,000 మొత్తం అడగండి, మొత్తం వస్తుందని మాత్రం లెక్క వేసుకోకండి. మధ్యలో షెడ్డువారు సగం ఇస్తామని వస్తే, 'ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న కాగితం మీద సంతకం పెట్టేముందు డబ్బు చేతిలో పడిందో లేదో, ఎంత పడిందో చూసుకోండి.