కొండవాలు తోట, మూడు రకాల వైశాల్యం

ప్రశ్న: సార్, రాయగడ దగ్గర కొండవాలులో మాకు మూడు మూలల జీడితోట ఉంది. ఒక్కో మూలలో నిలబడి ఫోన్ యాప్‌లో అక్షాంశం, రేఖాంశం, ఎత్తు రాసుకున్నాను. మా అబ్బాయి ప్లస్ టూ పుస్తకంలోని క్రాస్ ప్రొడక్ట్ ఫార్ములా షీట్‌లో వేస్తే 0.0062 వస్తోంది. యాప్ 37 డిసిమిల్, అంటే 37 సెంట్లు అంటోంది. పట్టాలో 33 ఉంది. ఏది నమ్మాలి? షీట్ లింక్ పంపుతున్నాను. ఆ యాప్ కాంటాక్ట్స్ అనుమతి కూడా అడిగింది.

జవాబు: మీవాడి ఫార్ములాలో తప్పేమీ లేదు, అందులో వేసిన అంకెలే తేడా. అక్షాంశ రేఖాంశాలు డిగ్రీల్లో ఉన్నాయి, ఎత్తు మీటర్లలో ఉంది. ఆ రెండింటినీ కలిపి గుణిస్తే వచ్చేదానికి అర్థం ఉండదు. ఇలాంటి షీట్లు నాకు నెలనెలా వస్తూనే ఉన్నాయి.

ముందు మొదటి మూలను సున్నాగా పెట్టుకుని మిగతా రెండింటి తేడాలు తీయండి. రాయగడ ప్రాంతంలో రేఖాంశం తేడాను సుమారు 105200తో, అక్షాంశం తేడాను 110700తో గుణిస్తే మీటర్లు వస్తాయి. మీ అంకెలను దగ్గరి మీటరుకు సరిచేస్తే రెండో మూల 60 మీటర్లు తూర్పున, 12 మీటర్లు ఎత్తున ఉంది. మూడోది 20 తూర్పు, 45 ఉత్తరం, 24 ఎత్తు. A, B, C నిలువు వరసల్లో తూర్పు, ఉత్తరం, ఎత్తు ఉంచి, 2 నుంచి 4 దాకా అడ్డువరసల్లో మూలలు పెట్టండి.

```
D2: =(B3-B2)*(C4-C2)-(C3-C2)*(B4-B2)
D3: =(C3-C2)*(A4-A2)-(A3-A2)*(C4-C2)
D4: =(A3-A2)*(B4-B2)-(B3-B2)*(A4-A2)
E2: =SQRT(SUMSQ(D2:D4))/2
E3: =ABS(D4)/2
```

D గడుల్లో −540, −1200, 2700 వస్తాయి. E2లో 1501.8 చదరపు మీటర్లు, అంటే 37 డిసిమిల్ పైచిలుకు. E3లో 1350, అంటే 33 పైచిలుకు. రెండూ సరైనవే! E2 వాలు మీద నేల, అంటే కలుపు తీయించడానికి, గడ్డి పరిపించడానికి కొలిచేది. E3 అదే తోట పైనుంచి చూస్తే కనిపించే అడ్డు వైశాల్యం. భూమి రికార్డులు రాసేది దీన్నే. కాబట్టి భూమి కొలిచిన అమీన్ మీ నాలుగు డిసిమిల్ మింగేశాడని గొడవకు దిగకండి. నాకు కోపమొచ్చేది ఆ యాప్ మీద. ఏ వైశాల్యమో చెప్పకుండా ఊరికే ‘ఏరియా’ అని రాసి వదిలేస్తే, కొండ ప్రాంతంలో అన్నదమ్ముల మధ్య తగువు పెట్టినట్టే.

మధ్య పదం గుర్తు తారుమారైందేమోనని మీవాడు టెన్షన్ పడుతున్నట్టున్నాడు. D3 మొత్తానికి గుర్తు మారినా వర్గం చేస్తాం కాబట్టి వైశాల్యం మారదు. ఆ గడి లోపల రెండు లబ్ధాల మధ్య ఉన్న మైనస్ ప్లస్ అయితే మాత్రం లెక్క పాడవుతుంది.

ఎత్తును మరీ నమ్మొద్దు. ఫోన్ జీపీఎస్‌లో అడ్డంగా వచ్చే తప్పు కంటే ఎత్తులో వచ్చేది సాధారణంగా ఎక్కువ. మూడో మూల ఎత్తు 24 బదులు 34 అని చూపితే E2 దాదాపు 1645కి ఎగబాకుతుంది. ఎక్కడా లేని మూడున్నర డిసిమిల్ పుట్టుకొస్తుంది. E3 మాత్రం కదలదు, దానిలో ఎత్తే లేదు. అయితే అదీ తిరుగులేనిదేమీ కాదు. తెర మీద ఆరు దశాంశ స్థానాలు చూసి మురిసిపోతాం గానీ, ఆరో స్థానం విలువ సుమారు 11 సెంటీమీటర్లు. ఫోన్ తప్పు మీటర్లలో ఉంటుంది. 45 మీటర్ల ఉత్తరం దూరం మీద ఐదు మీటర్ల తేడా అంటే తొమ్మిదో వంతు. హద్దు తగాదాకు ఈ లెక్క పనికిరాదు, ఎరువు బస్తాలు లెక్కేసుకోవడానికి చాలు.

ఇక అసలు భయం. మీరు నాకు పంపిన షీట్ లింక్ ఉన్న ఎవరైనా మార్చగలిగేలా ఉంది. రెండో ట్యాబ్‌లో పట్టా ఫొటో, దాని పక్కనే ఆధార్ కార్డు! తోట ఎక్కడుందో, ఎవరిదో, వాళ్ల గుర్తింపు కార్డేదో మొత్తం ఒకేచోట పేర్చి, వాట్సాప్‌లో ఎంతమందికి పంపారో మీకే తెలియాలి. ఎవరైనా 24ను 34 చేసినా మీ కంటికి ఆనదు. ముందు షేరింగ్‌ను ‘రిస్ట్రిక్టెడ్’కు మార్చండి. వెర్షన్ హిస్టరీలో పాత అంకెలు సరిచూసుకోండి. ఆ ఫొటోలు ఇదివరకే ఎవరి ఫోన్‌లోకైనా చేరి ఉంటే లింక్ మూసినా వెనక్కి రావు, అందుకే ఆధార్ బయోమెట్రిక్స్‌ను లాక్ చేసేయండి. ఫొటోలు కేవలం తీసేస్తే సరిపోదు, వెర్షన్ హిస్టరీలో ఉండిపోతాయి. మూడు వరసలే ఉన్న కొత్త షీట్ చేసుకుని, పాతదాన్ని ట్రాష్‌లోంచి కూడా తీసేయండి.

ఆ యాప్ కాంటాక్ట్స్ అనుమతి కూడా అడిగిందన్నారు కదా. మూడు బిందువుల వైశాల్యానికి మీ బావమరిది నంబరెందుకు? లొకేషన్‌ను ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’లో పెట్టండి. కాంటాక్ట్స్ ఇవ్వకపోతే తెరుచుకోనంటే దాన్ని తీసేయండి. పైన ఇచ్చిన ఐదు గడులతోనే మీ పని జరిగిపోతుంది.