చిట్టి కన్నా బుడిబుడి మేలు

ప్రశ్న: మా కోడలు ఐదేళ్లలోపు పిల్లలకు నూలు గౌన్లు, చొక్కాలు, కుళ్లాయిలు కుట్టించి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మబోతోంది. పేరు తెలుగులో ముద్దుగా ఉండాలి, తల్లిదండ్రులు వెతికితే సులువుగా దొరకాలి. 'చిట్టి', 'పాపాయి', 'కుళ్లాయి' అనుకున్నాం. ఏది బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మూడూ చక్కని మాటలే. అయినా మూడూ వద్దంటాను. చిక్కు అర్థంలో లేదు, రాతలో ఉంది. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా పేరులో తెలుగు అక్షరాలు కుదరవు. పేరు విన్న తల్లి దాన్ని ఇంగ్లిషు అక్షరాల్లోకి తనకు తోచినట్లు మార్చుకుని వెతకాలి. ఆ మార్పిడిలో చెడిపోని మాటే మీకు కావాలి.

తెలుగులో ముద్దుమాటల గుట్టు చాలావరకు ద్విత్వంలో ఉంది. చిట్టి, బుజ్జి, చిన్ని, బుల్లి, కన్న: హల్లును ఒత్తి పలికితేనే గారాబం. ఇంగ్లిషు రాతలో తడబడేది సరిగ్గా అక్కడే. మన పొరుగు ఊరి పేరే చూడండి. Chittoor లో tt అంటే 'త్త', Chitti లో అదే tt 'ట్ట'. తెలిసినవారు తెలిసినట్లు చదువుకుంటారు గాని అక్షరాలకు ఆ తేడా తెలియదు. పైగా చీటీపాటల 'చీటీ'ని కూడా కొందరు Chitti అనే రాస్తారు. గౌను కోసం వెతికిన తల్లికి చీటీల వ్యాపారం ఎదురైతే ఏం బాగుంటుంది?

'పాపాయి'ది మరో తంటా. Papayi, Papai, Paapayi, Paapaayi అని నాలుగు రకాలుగా రాయవచ్చు. మొదటిదానికీ papaya కీ ఒక్క అక్షరమే తేడా. వెతికే యంత్రం దాన్ని టైపు పొరపాటుగా భావించి బొప్పాయి పండ్లు చూపించినా ఆశ్చర్యం లేదు.

'కుళ్లాయి' మీద నాకూ మమకారం ఉంది. తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన కృష్ణదేవరాయల విగ్రహం తల మీది పొడవాటి టోపీ అదే. మీ ఊరికి ఇంతకంటే తగిన మాట దొరకదు. కానీ Kullayi లో ll ను చూసి 'ళ్ల' అని ఎందరు చదువుతారు? చదివినవారికైనా మొదట తట్టేది 'కుళ్లు'. చంటిబిడ్డ బట్టల మీద ఆ మాట నీడ కూడా పడకూడదు.

నేను 'బుడిబుడి' అంటాను. బుడిబుడి అడుగులు, బుడిబుడి నడకలు అని పిల్లల విషయంలోనే వాడుతాం. ఆడపిల్లకూ మగపిల్లవాడికీ సరిపోతుంది. ఇందులో దీర్ఘం లేదు, ద్విత్వం లేదు, వత్తక్షరం లేదు. 'త' ఉంటే ta అని కొందరు, tha అని కొందరు రాస్తారు. ఆ గొడవా లేదు. Budibudi అని కాక మరోలా రాయాలంటే పనిగట్టుకుని రాయాలి. రెండు ముక్కలుగా విడదీస్తారేమో అన్నదొక్కటే అనుమానం. అందుకని అన్నిచోట్లా కలిపి ఒకే మాటగా రాయండి. నడక మీద మనసుపడి 'తప్పటడుగులు' అని మాత్రం పెట్టకండి. పసివాడి తడబాటుతో పాటు పెద్దవాళ్ల పొరపాటు కూడా ఆ మాటలో ఉంది.

నా మాటే నమ్మనక్కరలేదు. పది మంది తల్లులకు ఫోను చేసి పేరు ఒక్కసారి చెప్పి, ఇంగ్లిషు అక్షరాల్లో సందేశం పంపమనండి. అక్షరం అక్షరం చెప్పకూడదు, అదే షరతు. మా ఇంట్లో ఆరుగురితో 'బుజ్జాయి' రాయిస్తే Bujjai, Bujjayi, Bujjaayi, Bujayi అని నాలుగు రూపాలు వచ్చాయి. 'బుడిబుడి' ఆరుగురూ ఒకేలా రాశారు. మా మనవడు మాత్రం మధ్యలో చిన్న గీత పెట్టాడు.

ఒక లోపం చెప్పాలి. హిందీలో ముసలామెను 'బూఢీ' అంటారు. తెలుగు తల్లులకే అమ్మేట్లయితే దీన్ని పట్టించుకోనక్కరలేదు. ఉత్తరాదికి కూడా పంపాలనుకుంటే ముందు ఇద్దరు హిందీవారికి వినిపించి, వారు నవ్వుతారేమో చూడండి.

వాణిజ్య చిహ్నంగా నమోదు చేయించాలనుకుంటే, 1999 చట్టం ప్రకారం సరుకును వర్ణించడంతోనే సరిపోయే మాటకు మామూలుగా నమోదు దొరకదు. 'పిల్లల బట్టలు' అన్నది అలాంటి మాట. టోపీలు కూడా అమ్ముతున్నారు కనుక 'కుళ్లాయి'కీ ఆ అడ్డంకి రావచ్చు. 'బుడిబుడి' నడకను చెబుతుంది గాని గుడ్డను చెప్పదు కనుక కొంత మెరుగు. ఈ నమోదుకు సరుకులను తరగతులుగా విడదీస్తారు, బట్టలది 25వ తరగతి. అందులో ఇప్పటికే ఉన్న పేర్లను వెతికేటప్పుడు స్పెల్లింగునే కాదు, పలుకుబడిని కూడా చూడండి. వినడానికి దగ్గరగా ఉన్న పేరు ఉన్నా అభ్యంతరం రావచ్చు. పేరును తెలుగు లిపిలో నమోదు చేయిస్తే ఇంగ్లిషులో గాని హిందీలో గాని దాని ఉచ్చారణ, అర్థం రాసివ్వాలి. అర్థం దగ్గర 'పసిపిల్లల చిన్న చిన్న అడుగుల తీరు' అన్న భావం వచ్చేలా రాయించండి.